పాప బాగానే ఉంది, టీఎస్‌హెచ్ మాత్రం 62. నెల ఆగొచ్చా?

ప్రశ్న: మా పాప పుట్టి ఈరోజుకి ఎనిమిది రోజులు. మూడో రోజు మడమ దగ్గర గుచ్చి రక్తం తీసుకున్నారు. టీఎస్‌హెచ్ 62 వచ్చింది, వెంటనే రమ్మని నిన్న రాత్రి ఫోన్ చేశారు. పాప 2.9 కిలోలు పుట్టింది, చక్కగా పాలు తాగుతోంది, నిద్రపోతోంది. నాకు థైరాయిడ్ లేదు. ఇంత పసిగుడ్డుకి మాత్రలేంటి, నెల దాటాక ఇంకోసారి టెస్ట్ చేయిద్దాం అంటున్నారు మా అత్తగారు. ఆగొచ్చా? ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేయాలా?

జవాబు:

ఆగకండమ్మా. ఈరోజే వెళ్ళండి. అక్కడ పాప నరం నుంచి కొంచెం రక్తం తీసి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చూస్తారు. రిపోర్టు సాయంత్రానికి వస్తే సరే. రేపో ఎల్లుండో వస్తుందంటే మాత్రం, రక్తం ఇచ్చేశాక మాత్ర ఈరోజే మొదలుపెట్టొచ్చా అని డాక్టరుని అడగండి. మడమ రక్తంలో టీఎస్‌హెచ్ 40 దాటిన బిడ్డకి రెండో రిపోర్టు కోసం రోజుల తరబడి కూర్చోకుండా మందు మొదలుపెట్టడమే మన దేశంలో పిల్లల హార్మోన్ డాక్టర్లు పాటించే పద్ధతి. రెండు వారాలు నిండేలోపు మందు పడాలన్నది మా అందరి లెక్క. మీ చేతిలో ఇంకా ఆరు రోజులున్నాయి. నెల ఆగితే ఆ గడువు దాటి ఇంకో రెండు వారాలు పోయినట్టు.

మిగతాది ఆటోలో కూర్చుని చదువుకోండి. అత్తగారికి కూడా చదివి వినిపించండి. ఆవిడ మీద కోపం పెట్టుకోకండి. పిల్లల్ని పెంచిన కళ్ళతో చూసి ఆ మాటన్నారు, పుట్టుకతోనే థైరాయిడ్ హార్మోన్ తక్కువగా ఉండే ఈ జబ్బు ఆ కళ్ళకి మొదటి నెలలో కనబడదు. ఇరవై రెండేళ్ళుగా పిల్లల డాక్టరుగా చేస్తున్నాను, నాకూ ఒకసారి కనబడలేదు. ఆ సంగతి కింద చెబుతాను.

ముందు ఆ 62 ఏమిటో చూద్దాం. థైరాయిడ్ గ్రంథి మెడలో ఉంటుంది, టీ4 అనే హార్మోన్ తయారు చేస్తుంది. రక్తంలో దేనికీ అంటుకోకుండా విడిగా ఉన్న టీ4నే ఫ్రీ టీ4 అంటాం. మెదడు అడుగున పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంది, ఆ పని చేయించేది అది. అది పంపే కేకే టీఎస్‌హెచ్. పనివాడు పలికితే యజమాని మామూలు గొంతుతోనే మాట్లాడతాడు. పలకకపోతే గొంతు పెంచుతాడు. టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ వైపు నుంచి సరైన సమాధానం రావట్లేదని అర్థం.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఏ బిడ్డకైనా పుట్టిన అరగంటలోనే టీఎస్‌హెచ్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. తొమ్మిది నెలలు వెచ్చగా ఉన్న ఒళ్ళు బయటి గాలికి రాగానే జరిగే సహజమైన మార్పు ఇది. ఆ సమయంలో 60, 80 ఉన్నా తప్పు లేదు. ఒక రోజు గడిచేసరికి 20 దగ్గరికి దిగుతుంది, వారం చివరికి 10 లోపుకి వస్తుంది. అందుకే ఈ పరీక్షకి రెండే మంచి సమయాలున్నాయి. పుట్టగానే, ఆ పొంగు రాకముందే, బొడ్డుతాడు రక్తంలో చూడాలి. లేదా పొంగు తగ్గాక, 48 నుంచి 72 గంటల మధ్య మడమ దగ్గర గుచ్చి ఫిల్టర్ పేపరు మీద చుక్కలు వేయించాలి.

మీరు పాపకి పది గంటల వయసులో తీశారని చెప్పి ఉంటే, బహుశా పుట్టినప్పటి పొంగే అయ్యుంటుందని, అయినా మళ్ళీ చూపించమని చెప్పేవాడిని. మీ పాపకి తీసింది మూడో రోజు. అప్పటికి ఆ పొంగు తగ్గిపోయి ఉండాలి. 20కి 40కి మధ్య ఏదో అంకె వచ్చి ఉంటే, ఏడు నుంచి పది రోజుల వయసులో మరోసారి చూసి నిర్ణయించే వీలుండేది. 62కి అలాంటి వెసులుబాటు లేదు. ఇంకో చిన్న విషయం. ఫిల్టర్ పేపరు ఫలితాన్ని కొన్ని ల్యాబులు మొత్తం రక్తం లెక్కలో ఇస్తాయి, కొన్ని సీరం లెక్కలో ఇస్తాయి. మొదటిదాన్ని సుమారు 2.2తో హెచ్చిస్తే రెండోది వస్తుంది. మీ చీటీ మీద ఏ లెక్క ఉందో అడిగి తెలుసుకోండి. ఎలా లెక్కేసినా 62 గీత దాటినట్టే.

"మరి పాప ఇంత బాగా ఎలా ఉంది?" అని మీ అత్తగారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కడుపులో ఉన్నప్పుడు మీ రక్తంలోని టీ4 కొంత మాయ దాటి పాపకి చేరింది. అసలు థైరాయిడ్ గ్రంథే లేని బిడ్డలో కూడా పుట్టినప్పుడు మామూలులో మూడో వంతు నుంచి సగం దాకా హార్మోన్ ఉంటుంది. అదంతా తల్లి ఇచ్చిందే. పొలానికి వెళ్ళేవాడికి ఇంట్లోంచి కట్టి పంపిన సద్దిమూట లాంటిది. ఆ మూట ఉన్నంతసేపు పాప పాలు తాగుతుంది, ఏడుస్తుంది, కాళ్ళు ఆడిస్తుంది. ఈ జబ్బుతో పుట్టిన నూరు మందిలో తొంభై అయిదు మందికి పైగా పుట్టినప్పుడు పైకి ఏమీ కనిపించదు. సద్ది అయిపోయాక, నాలుగు వారాలకో ఎనిమిది వారాలకో ఒక్కొక్కటే బయటపడతాయి. అవైనా జబ్బులా అనిపించవు. కామెర్లు రెండు వారాలు దాటినా తగ్గవు. విరోచనం మూడు నాలుగు రోజులకోసారి అవుతుంది. బొడ్డు ఉబ్బుతుంది. ఏడుపు బొంగురుగా ఉంటుంది. ఒళ్ళు చల్లగా, చర్మం పొడిగా ఉంటుంది. పాలు తాగుతూ తాగుతూనే నిద్రలోకి జారుకుంటుంది. విడివిడిగా చూస్తే ఇవన్నీ ఏ బిడ్డలోనైనా ఉండేవే.

ఇప్పుడు నా సంగతి. గోదావరి జిల్లాలో మా చిన్న పట్టణం. మూడు నెలల బాబుని ఒక అమ్మమ్మ, తల్లి తీసుకొచ్చారు. నాలుగు రోజులకోసారి విరోచనం అవుతోంది, ఆముదం కూడా వేశాం అన్నారు. బొడ్డు ఉబ్బితే రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డ కట్టారు. కామెర్లు నెలన్నర ఉన్నాయట, పొద్దున్నే ఎండలో పడుకోబెడితే తగ్గాయట. "మావాడు బంగారం డాక్టరుగారూ, అసలు ఏడవడు, లేపి పాలు పట్టాలి" అని అమ్మమ్మ మురిసిపోతూ చెప్పింది. నేను తూకం వేశాను, బాగానే ఉంది. విరోచనానికి సిరప్ రాసి పంపేశాను. ఆ రోజు బయట నలభై మంది ఉన్నారు. పొడుగు కొలవలేదు. కొలిచి ఉంటే తెలిసేది. హార్మోన్ లేని బిడ్డకి బరువు తగ్గకపోవచ్చు గానీ ఎముక సాగడం మందగిస్తుంది. ఏడవని బిడ్డ, లేపి పాలు పట్టాల్సిన బిడ్డ, తగ్గని కామెర్లు, బొడ్డు, విరోచనం. అయిదూ నా బల్ల ముందే ఉన్నాయి. నేను ఒక్కదానికే మందు రాశాను.

మళ్ళీ వాడిని చూసింది పద్నాలుగో నెలలో. పొడుగు 68 సెంటీమీటర్లు. ఆ వయసు మగపిల్లలు సుమారు 78 ఉంటారు. నాలుక కొంచెం బయటికి ఉంది, మొహం ఉబ్బినట్టుంది, మాడు ఇంకా వెడల్పుగా ఉంది. ఊతం ఇస్తే కూర్చుంటాడు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు అంటాం కదా, ఆ ఇంట్లో బొబ్బట్లు పదో నెలలో పంచారు. అరిసెల మాట ఎవరూ ఎత్తడం లేదు. టీఎస్‌హెచ్ 150 దాటింది, ఫ్రీ టీ4 0.2. మాత్ర మొదలుపెట్టిన నెలకే విరోచనం సరైంది, చర్మం మెరిసింది, పిల్లాడు గట్టిగా ఏడవడం నేర్చుకున్నాడు. అయిదేళ్ళు వచ్చేసరికి పొడుగులో ఈడువాళ్ళకి దగ్గరగా వచ్చాడు. మాట మాత్రం బాగా ఆలస్యమైంది. ఇప్పుడు పదిహేనేళ్ళు. మంచివాడు, వాళ్ళ నాన్నతో కొట్లో కూర్చుంటాడు, చిల్లర లెక్క దగ్గర తడబడతాడు. బడిలో తన ఈడువాళ్ళకంటే రెండు తరగతులు వెనక ఉన్నాడు.

ఎందుకలా? ఎముక కొంతవరకు ఆగి చూస్తుంది, మెదడు ఆగదు. పొడుగుకి కారణమైన మెత్తటి ఎముక చివరలు చిన్నతనమంతా తెరిచే ఉంటాయి. హార్మోన్ ఆలస్యంగా వచ్చినా అవి మళ్ళీ పరుగందుకుంటాయి, పోయిన సెంటీమీటర్లలో చాలావరకు తెచ్చుకుంటాయి. మెదడు లెక్క వేరు. పుట్టినప్పుడు సుమారు 350 గ్రాములుండే మెదడు మొదటి ఏడాది ముగిసేసరికి రెండున్నర రెట్లు అవుతుంది. ఆ కాలంలోనే నరాల కణాలు ఒకదానికొకటి కలుసుకుంటాయి, నరాల తీగలకి మైలిన్ అనే కొవ్వు పొర ఎక్కుతుంది. కరెంటు తీగకి ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే అది. అది ఉంటేనే కబురు వేగంగా, తప్పిపోకుండా చేరుతుంది. ఈ పనులన్నిటికీ ఎప్పుడు ఏది మొదలుపెట్టాలో చెప్పేది థైరాయిడ్ హార్మోనే. ఆ నెలలో జరగాల్సిన పని ఆ నెలలో జరగకపోతే, ఏడాది తర్వాత ఎంత మందు పోసినా ఆ దశ వెనక్కి రాదు. ఇదంతా మొదటి మూడేళ్ళలో జరుగుతుంది. అందులో మొదటి వారాలది అన్నిటికంటే పెద్ద వాటా.

దీనికి పాత లెక్క ఒకటుంది. మడమ రక్తం పరీక్ష రాకముందు, 1972లో అమెరికాలో ఒక అధ్యయనం అచ్చయింది. లక్షణాలు చూసి జబ్బు కనిపెట్టిన రోజులవి. మూడు నెలల లోపు చికిత్స మొదలైన పిల్లల ఐక్యూ సగటున 89. మూడు నుంచి ఆరు నెలల మధ్య మొదలైనవాళ్ళది 71. ఆరు నెలలు దాటినవాళ్ళది 54. మామూలు సగటు 100 అని గుర్తుంచుకోండి. మూడు నెలల లోపే, అంటే అప్పట్లో చాలా తొందరగా పట్టుకున్నట్టు లెక్క, అయినా 89 దగ్గరే ఆగిపోయారు. లక్షణాలు కనిపించేదాకా ఆగకూడదని డాక్టర్లకి అర్థమైంది అలాంటి లెక్కల వల్లే. ఆ దశకంలోనే కెనడాలోని క్విబెక్‌లో జాన్ దుస్సో అనే డాక్టరు, ఫిల్టర్ పేపరు మీద ఎండిన రక్తపు చుక్కలో థైరాయిడ్ హార్మోన్ కొలిచే పద్ధతి తెచ్చారు. మీ పాప మడమ దగ్గర గుచ్చింది ఆ పద్ధతికి వారసత్వమే.

నేను తప్పు చేసిన ఆ ఇంటికి మళ్ళీ వస్తాను. ఆ దంపతులది మేనరికం. బాబుకి స్కాన్ చేస్తే గ్రంథి మెడలో దాని చోటే ఉంది, కాస్త పెద్దదిగా కూడా ఉంది. అంటే గ్రంథి ఉన్నా హార్మోన్ తయారు చేయడంలో లోపం. ఇలాంటి లోపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు పాడైన జన్యువులు కలిస్తే వస్తుంది. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. రెండో కాన్పుకి ముందే వాళ్ళకి చెప్పి ఉంచాను. ఆడపిల్ల పుట్టింది, 2.8 కిలోలు. మూడో రోజు మడమ రక్తంలో టీఎస్‌హెచ్ 118. ఆరో రోజు నరం రక్తంలో 100 పైన, ఫ్రీ టీ4 0.4. మోకాలి ఎక్స్‌రే తీయించాను. నెలలు నిండిన బిడ్డకి తొడ ఎముక కింది చివర చిన్న పూస లాంటి ఎముక కేంద్రం కనిపించాలి. అది కనబడకపోతే కడుపులో ఉన్నప్పుడే హార్మోన్ బాగా తక్కువైందని గుర్తు. ఈ పాపకి కనిపించింది. ఆ సాయంత్రమే 37.5 మైక్రోగ్రాములు మొదలుపెట్టాం.

రెండు వారాలకి ఫ్రీ టీ4 1.7కి వచ్చింది, టీఎస్‌హెచ్ ఇంకా 16. ఆరో వారానికి టీఎస్‌హెచ్ 3. ఈ తేడా చూసి కంగారు పడకండి. టీ4 ముందు సర్దుకుంటుంది, కేకలు వేయడం అలవాటైన పిట్యూటరీ ఆలస్యంగా గొంతు దించుతుంది. ఆ పాప పదమూడో నెలలో అడుగులు వేసింది, అరిసెలు మా క్లినిక్ దాకా వచ్చాయి. ఇప్పుడు నాలుగో తరగతి. అన్నయ్యకి ఎక్కాలు తనే చెబుతుంది. ఆ తల్లి ఒకసారి నా గదిలో కూర్చుని, "వాడికి కూడా ఆ చుక్క రక్తం తీసి ఉంటే" అని ఆగిపోయింది. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోయింది.

మీరు అడగని ప్రశ్న ఒకటి మీ మాటల్లోనే ఉంది: "నాకు లేనిది పాపకి ఎలా వచ్చింది?" తల్లికి థైరాయిడ్ ఉండటానికీ, బిడ్డకి ఈ జబ్బు రావడానికీ చాలాసార్లు సంబంధమే లేదు. కడుపులో మొదటి నెలల్లో బిడ్డ థైరాయిడ్ గ్రంథి నాలుక మొదట్లో పుట్టి మెల్లగా మెడలోకి దిగుతుంది. కొందరిలో అది అసలు ఏర్పడదు, కొందరిలో నాలుక కిందే ఆగిపోతుంది, కొందరిలో చిన్నదిగా ఉండిపోతుంది. ఎక్కువ మందిలో కారణం ఇదే. మీరు తిన్నదాని వల్ల కాదు, గ్రహణం రోజు బయటికి రావడం వల్లా కాదు. నేను పైన చెప్పిన మేనరికం రకం ఇంకొన్ని కేసులు. మూడో రకం తాత్కాలికమైనది. తల్లి రక్తంలోని యాంటీబాడీలు బిడ్డకి చేరినా, తల్లి థైరాయిడ్ ఎక్కువకి మందులు వాడినా, బిడ్డకి అయోడిన్ మరీ తక్కువైనా, ఎక్కువైనా వస్తుంది. బొడ్డు మీద గోధుమరంగు అయోడిన్ మందు రోజూ రాస్తుంటే ఆ పల్చటి చర్మం గుండా లోపలికి పోయి గ్రంథిని కొన్నాళ్ళు ఆపేస్తుంది. మీ ఇంట్లో అలా రాస్తుంటే ఈరోజు మానేసి, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. తాత్కాలికమే అయినా ఇంత అంకె ఉన్నప్పుడు మాత్ర వేయాల్సిందే. ఏ రకమో తీరిగ్గా తేల్చుకోవచ్చు.

మాత్ర పేరు లెవోథైరాక్సిన్. పెద్దవాళ్ళు పరగడుపున వేసుకునేది ఇదే. పసిపిల్లలకి కిలోకి 10 నుంచి 15 మైక్రోగ్రాముల లెక్కన ఇస్తాం. మీ పాప 2.9 కిలోలంటే రోజుకి సుమారు 29 నుంచి 43 మధ్య. 25 మైక్రోగ్రాముల మాత్ర ఒకటిన్నర వేస్తే 37.5 అవుతుంది, చాలామంది డాక్టర్లు రాసేది ఆ చుట్టుపక్కలే. మీ డాక్టరు ఫ్రీ టీ4 చూసి ఇంకోలా రాస్తే ఆయన మాటే వినండి. మందుల కొట్లో ఒకటి జాగ్రత్త. "25 లేదమ్మా, 100 ఉంది, నాలుగు ముక్కలు చేసి వేయండి" అంటారు. వద్దు. ఆ ముక్కలు సమానంగా రావు, కంగారులో ఎవరైనా మొత్తం వేసేస్తే పాపకి రెండున్నర రెట్లకి పైగా పడుతుంది. 25 దొరికే కొట్టుకే వెళ్ళండి.

వేసే పద్ధతి దగ్గరే నాకు ఎక్కువ పొరపాట్లు కనిపిస్తాయి, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రెండు చెంచాల మధ్య మాత్రని మెత్తగా నలపండి. ఉగ్గుగిన్నెలో వేసి, పిండిన చనుబాలు గానీ కాచి చల్లార్చిన నీళ్ళు గానీ ఒక చెంచాడు పోసి కలపండి. వెంటనే పట్టండి. పొడి గిన్నె అడుగున అంటుకుని ఉంటుంది. ఇంకో అరచెంచా పాలు పోసి తిప్పి అది కూడా పట్టండి. చాలా ఇళ్ళలో ఈ రెండో సారి మర్చిపోతారు, మూడో వంతు మందు గిన్నె కడిగిన నీళ్ళలో పోతుంది. పాల సీసా నిండా కలపకండి, పాప సగం తాగి వదిలేస్తే ఎంత మందు పడిందో ఎవరికీ తెలియదు. వారానికి సరిపడా కలిపి సిరప్‌లా దాచుకోవద్దు, నీళ్ళలో ఈ మందు ఎక్కువసేపు నిలవదు. ఐరన్ చుక్కలు, కాల్షియం మందులు, సోయా పాలు దీన్ని ఒంటికి పట్టనివ్వవు, వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉంచండి. వేసిన వెంటనే మొత్తం కక్కేస్తే మళ్ళీ వేయండి. ఒక పూట మర్చిపోతే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు వేయండి. మాత్రల డబ్బాని పొయ్యి గట్టు మీద, కిటికీలో పెట్టకండి.

"ఆ మాత్ర వేడి చేస్తుంది" అని ఎవరో ఒకరు అంటారు. ఇది పాప ఒంట్లో తయారు కావాల్సిన హార్మోనే, బయటి నుంచి ఇస్తున్నాం, అంతే. డోసు ఎక్కువైతే మాత్రం ఇబ్బందే. పాప చిరాగ్గా ఉంటుంది, నిద్ర పట్టదు, చెమటలు పడతాయి, విరోచనాలు అవుతాయి, తాగినా బరువు పెరగదు. నెలల తరబడి ఎక్కువైతే తల ఎముకల అతుకులు ముందే మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే రక్త పరీక్షలు. మొదలుపెట్టిన రెండు వారాలకి ఒకటి, ఆరు నెలల వయసు దాకా రెండు నెలలకోసారి, తర్వాత మూడేళ్ళ దాకా మూడు నెలలకోసారి. ఫ్రీ టీ4 మామూలు పరిధిలో పై సగంలో, టీఎస్‌హెచ్ పరిధిలో ఉండేలా చూస్తాం. పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేయండి, లేకపోతే అంకె ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. ప్రతిసారీ బరువుతో పాటు పొడుగు కూడా కొలవమని అడగండి. నా గదిలో ఇప్పుడు కొలబద్ద బల్ల మీదే ఉంటుంది.

ఈ పరీక్షల దగ్గర జరిగే పెద్ద పొరపాటు ఒకటి ముందే చెబుతాను. మూడో నెల రిపోర్టులో టీఎస్‌హెచ్ 2.5 అని వస్తుంది, ఇంట్లో అందరూ సంతోషిస్తారు, నార్మల్ అయింది కదా అని మాత్ర మానేస్తారు. మాత్ర వేస్తున్నందుకే అది నార్మల్. మానేసిన ఒకటి రెండు నెలల్లో మళ్ళీ పైకి పోతుంది. అదీ మెదడు పెరిగే వయసులోనే.

జీవితాంతమా అన్న మీ ప్రశ్నకి ఈరోజు జవాబు లేదు, మూడేళ్ళకి ఉంటుంది. స్కాన్‌లో గ్రంథి లేదని గానీ నాలుక కింద ఉందని గానీ తేలితే జీవితాంతం వేయాలి, ఆపి చూడాల్సిన పని లేదు. గ్రంథి దాని చోటే ఉంటే, మూడేళ్ళు నిండాక డాక్టరు నాలుగు వారాల పాటు మాత్ర ఆపి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చూస్తారు. కొందరు పిల్లలకి అక్కడితో అవసరం తీరిపోతుంది. మెదడులో ఆ తొందర పని చాలావరకు ముగిసిన వయసు కాబట్టే మూడేళ్ళ దాకా ఆగుతాం. ఇప్పుడు స్కాన్ కోసం అపాయింట్‌మెంట్ దొరకలేదని మాత్రం మందు వాయిదా వేయొద్దు. టెక్నీషియం స్కాన్ అయితే మాత్ర మొదలుపెట్టిన మొదటి వారంలోనూ చేయొచ్చు, మెడ అల్ట్రాసౌండ్ ఎప్పుడైనా చేయొచ్చు. వినికిడి పరీక్ష కూడా ఒకటి చేయించండి, గుండె చప్పుడు డాక్టరుని జాగ్రత్తగా వినమనండి. ఈ పిల్లల్లో ఆ రెండు లోపాలు మిగతా పిల్లల్లో కంటే కాస్త ఎక్కువ.

ఇది చదివే మిగతా తల్లిదండ్రులకి రెండు మాటలు. స్క్రీనింగ్ నార్మల్ అన్నంత మాత్రాన తలుపు పూర్తిగా మూసుకోదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళలో, బరువు బాగా తక్కువున్నవాళ్ళలో, ఐసీయూలో ఉన్నవాళ్ళలో టీఎస్‌హెచ్ ఆలస్యంగా పెరగొచ్చు. వాళ్ళకి రెండు వారాల వయసు దాటాక మరోసారి తీయాలి. లోపం పిట్యూటరీలోనే ఉంటే కేక వేసేవాడే లేడు, టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే ఏమీ దొరకదు. కాబట్టి కామెర్లు, విరోచనం, మత్తు కలిసి కనిపిస్తే పాత రిపోర్టు పక్కన పెట్టి ఫ్రీ టీ4 కూడా చూపించండి. రెండోది, ఈ పరీక్ష చేశారో లేదో డిశ్చార్జికి ముందు మీరే అడగండి. దేశమంతటా ప్రతి బిడ్డకీ తప్పనిసరిగా చేసే ఏర్పాటు మన దగ్గర లేదు. హైదరాబాద్‌లో నాలుగు పెద్ద ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది పసిపిల్లల రక్తం చూసి, ఆ ఫలితాలు 2004లో అచ్చు వేశారు. సుమారు 1,700 మందికి ఒకరిలో ఈ జబ్బు దొరికింది.

ఇంకొకటి, ఇది మన దగ్గరే ఎక్కువ. రక్తం తీసినప్పుడు భర్త నంబరు రాస్తారు, ఆయన వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉంటాడు, బాలింత పుట్టింటికి వెళ్ళిపోతుంది. ల్యాబ్ వాళ్ళు మూడుసార్లు చేసి ఎత్తకపోతే ఆ చీటీ అక్కడే ఉండిపోతుంది. మీ విషయంలో ఫోన్ కలిసింది.

వెళ్ళేటప్పుడు మడమ రక్తం రిపోర్టు, పుట్టిన సమయం రాసిన డిశ్చార్జి చీటీ, మీ గర్భం ఫైలు, ఇంట్లో బొడ్డుకి రాస్తున్న మందు సీసా పట్టుకెళ్ళండి. డోసు మైక్రోగ్రాముల్లో, ఎన్ని మాత్రలో రెండూ రాయించుకోండి. సాయంత్రం ఫ్రీ టీ4 ఎంత వచ్చిందో, ఎంత డోసు రాశారో ఇక్కడ పెట్టండి, రాత్రి చూస్తాను.